టీమ్ చాట్‌లో మన మెసేజ్ తిట్టినట్టు ఉండకుండా రాయడం ఎలా

మాది విశాఖలో పోర్టుకి దగ్గర్లో ఉన్న ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసు. డాక్యుమెంట్లు చూసే నలుగురం ఏసీలో కూర్చుంటాం. మిగతా ముగ్గురు గాజువాక వైపు కంటైనర్ యార్డుల్లో ఎండలో తిరుగుతుంటారు. పొద్దున్నుంచి రాత్రిదాకా మా మధ్య మాటలన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో నడుస్తాయి. కిందటి వేసవిలో ఒక శుక్రవారం, సాయంత్రం 4:05కి, నేను ఆ గ్రూపులో ఇలా పెట్టాను:

"డీవో వ్యాలిడిటీ ఈరోజే. ఇంకా ఎందుకు తీయలేదు? స్టేటస్ పంపండి."

డీవో అంటే డెలివరీ ఆర్డర్. షిప్పింగ్ లైన్ వాళ్లు ఇచ్చే ఆ కాగితం ఉంటేనే కంటైనర్ యార్డు గేటు దాటుతుంది. గడువు దాటితే దాన్ని మళ్లీ పొడిగించుకోవాలి. నా తొందర దాని గురించే. యార్డ్ చూసే పెద్దాయన నుంచి "ఓకే సార్" అని జవాబొచ్చింది. ఆ తర్వాత రెండున్నర గంటలు చడీచప్పుడు లేదు.

అక్కడ జరిగింది వేరు. డీవోలో కంటైనర్ నంబరు తప్పు పడింది. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉండే నంబరు అది. అందులో రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. తలుపు మీద ఉన్న నంబరుకీ కాగితం మీద ఉన్న నంబరుకీ పొంతన కుదరకపోతే గేటు దగ్గర కదలనివ్వరు. ఆయన ఆ తేడాని నాలుగింటికే పట్టుకున్నారు. నాకు ఫోన్ చేద్దామని జేబులోంచి తీసేసరికి నా మెసేజ్ కనపడింది. ఇప్పుడు చెబితే సాకు చెబుతున్నానని అనుకుంటారు, ముందు ఇక్కడే తేల్చుకుందాం అనుకుని గేటు వాళ్లతో తంటాలు పడ్డారు. విషయం నా దాకా వచ్చేసరికి ఆరున్నర. లైన్ ఆఫీసు మూసేశారు. మర్నాడు రెండో శనివారం. సోమవారం దాకా కంటైనర్ అక్కడే ఉంది, యార్డు అద్దె మా నెత్తిన పడింది.

సోమవారం టీ దగ్గర అడిగితే ఆయన అన్నది ఒకటే మాట. "మీరు నోటితో చెప్తే అలా ఉండదండి. ఫోన్లో చూస్తే ఏటో తిట్టినట్టుంది."

ఆ మాట పట్టుకుని నా మెసేజ్‌లు నేనే దిద్దుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి కూడా ఇదే చెబుతున్నాను. మేం అసలు కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను.

1. ముందు మీ పాత మెసేజ్‌లు తీసి, వేరే గొంతుతో చదవండి

గ్రూపు తెరిచి, మీరు పెట్టిన చివరి ఇరవై మెసేజ్‌లు చూడండి. మీ గొంతుతో చదివితే అన్నీ బాగానే ఉంటాయి, ఎందుకంటే రాసినప్పుడు మనసులో ఉన్న మెత్తదనం చదివేటప్పుడు కూడా మనకి వినపడుతూనే ఉంటుంది. అవతలివాళ్లకి అది వినపడదు. 2005లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో ఈమెయిల్ రాసినవాళ్లు, తమ స్వరం వేళాకోళమో కాదో అవతలివాళ్లు 78 శాతం సార్లు సరిగ్గా పట్టుకుంటారని అనుకున్నారు. నిజానికి పట్టుకున్నది 56 శాతమే. అంటే బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే కొంచెం నయం.

కాబట్టి చదివేటప్పుడు స్వరం మార్చండి. మీకు అస్సలు పడని ఒక పాత బాస్‌ని గుర్తుచేసుకుని, మీ మెసేజ్ ఆయన మీకు రాత్రి తొమ్మిదింటికి పెట్టినట్టు చదవండి. "స్టేటస్ పంపండి" అన్నది ఆ గొంతులో ఎలా ఉందో చూడండి. అదే మెసేజ్‌లో "గేటు దగ్గర ఏమైనా ఆగిందా?" అని ఉంటే, ఆ బాస్ గొంతుతో చదివినా పెద్దగా కరుకుదనం రాదు. చెడ్డ గొంతుతో చదివినా నిలబడే వాక్యమే మంచి వాక్యం.

ఇరవైలో ఎన్ని ఇలా తగులుతున్నాయో లెక్కపెట్టుకోండి. నావి పదమూడు తేలాయి. మనిషిని నేను మంచివాణ్నే అనుకుంటాను మరి.

2. పిలుపూ విషయమూ ఒకే మెసేజ్‌లో పెట్టండి

గుడ్ మార్నింగ్ అని పెట్టి ఊరుకోవద్దు. "హాయ్ అండి" అని ఒక్కటే వచ్చిందనుకోండి, యార్డులో ఉన్న మనిషి చేతిలో కాగితాలు చంకన పెట్టుకుని, ఫోన్ తీసి, "చెప్పండి" అని కొట్టి, మీరు టైప్ చేస్తుంటే ఎండలో ఎదురుచూడాలి. అది మర్యాద అనిపించుకోదు, పనికి అడ్డం పడటం అవుతుంది.

పిలుపు అంటే పెద్దగా ఏమీ కాదు, మనం నోటితో పిలిచేదే. అన్నయ్యా, గారూ, మేడమ్, తమ్ముడూ. మీ ఇద్దరి మధ్య ఎదురుపడినప్పుడు ఏ పిలుపు ఉందో అదే చాట్‌లోకి రావాలి. బయట "అన్నా" అని పిలిచే మనిషిని గ్రూపులో పేరు పక్కన "గారు" తగిలించి పిలిస్తే, ఏదో కోపం వచ్చిందనుకుంటాడు. రోజులో మొదటి మెసేజ్‌కీ, చాలాసేపు మాటల్లేక మళ్లీ మొదలుపెట్టే మెసేజ్‌కీ పిలుపు చాలు. వరసగా మాట్లాడుకుంటున్నప్పుడు ప్రతి లైనుకీ అక్కర్లేదు. టీ తాగుతూ ప్రతి వాక్యానికీ "అన్నయ్యా" అంటామా?

గ్రూపులో అయితే పిలుపుకి ఇంకో పని కూడా ఉంది. ఏడుగురున్న గ్రూపులో పేరు లేకుండా "కాపీ కావాలి" అని పెడితే ఎవరూ తమది అనుకోరు. అరగంట తర్వాత మీరే విసుగ్గా "ఎవరూ చూడట్లేదా" అని పెడతారు. కరుకుదనం అక్కడ మొదలవుతుంది.

3. క్రియ తోక చూసుకోండి

తెలుగులో మర్యాదంతా చాలామటుకు క్రియ చివర ఉంటుంది. "పంపు", "పంపండి", "పంపుతారా", "పంపిద్దురూ". ఇంగ్లీషు ముక్కలతో చాట్ చేసేటప్పుడు ఆ తోక మొదట తెగిపోతుంది. మనసులో "డీవో కాపీ పంపండి" అనుకుంటాం, వేళ్లు "సెండ్ డీవో కాపీ" అని కొడతాయి. "అండి"కి అక్కడ చోటు లేదు. దాన్ని సర్దడానికి ముందు "కైండ్లీ" తగిలిస్తాం. అది సర్క్యులర్‌లా తయారవుతుంది. అలాంటప్పుడు ఆ ఒక్క వాక్యం తెలుగులోకి మార్చి చూడండి. కష్టపడకుండానే సగం దిద్దుబాటు అయిపోతుంది.

అలాగని "అండి" ఒక్కటే సరిపోదు. నా శుక్రవారం మెసేజ్‌లో "పంపండి" అనే ఉంది. నోటితో అన్నప్పుడు ఆ "అండి"ని కొంచెం సాగదీస్తాం, మొహంలో నవ్వు ఉంటుంది. స్క్రీన్ మీద సాగదీత రాదు కాబట్టి ఒక చిన్న మాట తోడు కావాలి. మనకి ఉన్నవాటిలో బాగా పనికొచ్చేవి "కొంచెం", "ఒకసారి". "ఇన్వాయిస్ కొంచెం పంపండి" అంటే సగం ఇన్వాయిస్ అని ఎవరూ అనుకోరు. "ఒకసారి చూడండి" అంటే రెండోసారి చూడొద్దని కాదు. పని చిన్నదే, మీకు శ్రమ అని తెలుసు అని చెప్పడానికే ఆ మాటలు. చిన్న పనికి ఇవి చాలు. పని కొంచెం పెద్దదైతే ప్రశ్నలోకి మార్చండి: "ప్యాకింగ్ లిస్ట్ ఒకసారి సరిచూస్తారా?" ప్రశ్నలో అవతలివాళ్లకి "ఇప్పుడు కుదరదండి" అనే దారి ఉంటుంది. నిజంగా ఆ దారి లేనప్పుడు ప్రశ్న వేయకండి.

"దయచేసి", "పంపగలరు" లాంటివి వద్దు. అవి బస్టాండ్ మైకులో, నోటీసు బోర్డు మీద ఉండాల్సిన మాటలు. రోజూ కలిసి తినే మనిషికి "దయచేసి పంపగలరు" అని రాస్తే మర్యాద కంటే దూరం జరిగినట్టు ఉంటుంది.

ఈ అడుగులో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. తిట్టినట్టుందన్న మాట విన్నాక వారం రోజులు నేను అన్నిటికీ "వీలైతే" పెట్టాను. "వీలైతే మూడింటికల్లా ఫైల్ చేయండి." డెస్క్‌లో పిల్లవాడు నిజంగానే వీలు చూసుకుని నాలుగున్నరకి చేశాడు. వాడి తప్పేం లేదు, నేను వీలైతేనే అన్నాను. అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, క్రియని మెత్తబరచాలి గానీ టైముని మెత్తబరచకూడదు. టైము ఉన్న వాక్యాన్ని గట్టిగా, విడిగా రాయాలి. అడిగే వాక్యాన్ని మెత్తగా రాయాలి. ఇలా:

"తమ్ముడూ, ఈ బిల్ ఆఫ్ ఎంట్రీ ఈరోజు మూడింటిలోగా ఫైల్ అవ్వాలి, లేకపోతే లేట్ ఫీజు పడుతుంది. ప్యాకింగ్ లిస్ట్ ఒకసారి రెండున్నరకి సరిచూసి పెడతావా?"

మూడింటిలోగా అన్నదాంట్లో "కొంచెం" లేదు, "వీలైతే" లేదు. గట్టిగా ఉన్నా కోపంగా లేదు, ఎందుకంటే కారణం పక్కనే ఉంది. కారణం రాయడం చాలామంది మానేస్తారు. అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. నిజమే, తెలిసిందే. అయినా రాస్తే ఆజ్ఞ నాది కాదు, లేట్ ఫీజుది అవుతుంది.

4. నింద మోసే చిన్న మాటలు ఏరిపారేయండి

మెత్తని మాటలు చేర్చడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. అయినా ఎవరి కంటికీ ఆనదు, ఎందుకంటే ఈ మాటలు చాలా చిన్నవి.

"ఇంకా": "ఇంకా రాలేదు" అంటే ఈపాటికి రావాల్సింది అని. కేవలం రాలేదని చెప్పాలంటే "రాలేదండి" చాలు.

"కదా": "నిన్న చెప్పాను కదా" అన్నది నోటితో నవ్వుతూ అంటే గుర్తుచేయడం. స్క్రీన్ మీద అది బోనులో నిలబెట్టడం. "నిన్న మాట్లాడుకున్న ఆ ఇన్వాయిస్" అని రాస్తే గుర్తుచేయడం ఒక్కటే మిగులుతుంది.

"లేదా": "చూశారా లేదా?" అని అడిగితే మాస్టారు బెత్తం పట్టుకున్నట్టే. "చూశారా?" దగ్గర ఆపేయండి.

అన్నిటికంటే బరువైనది "ఎందుకు". ఎందుకు అని అడిగితే అవతలి మనిషి తన్ను తాను సమర్థించుకోవాల్సి వస్తుంది. మనకి నిజంగా కావాల్సింది సమర్థింపు కాదు, పని ఏ మలుపు దగ్గర నిలిచిపోయిందన్నది. అయితే అదే అడగండి. "ఎందుకు తీయలేదు?" బదులు "ఎక్కడ ఆగింది?" అనండి. మొదటిదానికి జవాబు మనిషి గురించి, రెండోదానికి జవాబు కంటైనర్ గురించి. మా శుక్రవారం కథలో నష్టం జరిగింది ఆ ఒక్క మాట దగ్గరే. ఎక్కడ ఆగిందని అడిగి ఉంటే, "నంబరు తేడా ఉందండి" అని వెంటనే జవాబు వచ్చేది.

దీనికి తోడు తెలుగు మనకి ఇచ్చిన ఇంకో సదుపాయం ఉంది. మనిషిని పక్కన పెట్టి పనినే కర్తగా చేసి చెప్పొచ్చు. "మీరు నంబరు తప్పు కొట్టారు" అనక్కర్లేదు, "నంబరు తప్పు పడింది" అంటే చాలు. "మీరు కాపీ పంపలేదు" బదులు "కాపీ ఇటు రాలేదు". ఇంట్లో గ్లాసు పగిలినప్పుడు అమ్మ మంచి మూడ్‌లో ఉంటే "పగిలిందా?" అంటుంది, లేకపోతే "పగలగొట్టావా?" అంటుంది. తేడా అంతే. కాకపోతే ఒకటి: ఒకే మనిషి దగ్గర అదే తప్పు మూడోసారి పడుతుంటే, పడింది పడింది అని దాచుకుంటూ పోకూడదు. అది గ్రూపులో రాసే సంగతి కాదు. పక్కకి పిలిచి నోటితో చెప్పాల్సిందే.

5. ఇప్పుడు ఆ శుక్రవారం మెసేజ్‌ని దిద్దుదాం

మొదట తప్పుగా దిద్దిన పద్ధతి చూడండి. మా డెస్క్‌లో ఒకమ్మాయి సరదాగా రాసిచ్చింది:

"హాయ్ అన్నయ్యా, శుభ సాయంత్రం. ఎలా ఉన్నారు? మిమ్మల్ని డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ. వీలైతే కొంచెం ఆ డీవో సంగతి ఒకసారి చూస్తారా ప్లీజ్. థాంక్స్ ఇన్ అడ్వాన్స్."

మర్యాదకి లోటు లేదు. కానీ ఏ డీవో, ఎందుకు తొందర, ఆయన ఏం చేయాలి, ఏదీ లేదు. పైగా ఇంత పాకం పోస్తే, వెనక ఏదో పెద్ద పని అంటగట్టబోతున్నారని అనుమానం వస్తుంది. మెత్తని మాటలు ఒక మెసేజ్‌కి ఒకటి, మహా అయితే రెండు. అంతకు మించితే ఎబ్బెట్టుగా ఉంటుంది. "థాంక్స్ ఇన్ అడ్వాన్స్" అయితే నాకు అస్సలు నచ్చదు. ఆయన ఒప్పుకోకముందే ఒప్పుకున్నారని సంతకం పెట్టించుకున్నట్టు ఉంటుంది.

చివరికి తేలింది ఇది:

"అన్నయ్యా, నిన్నటి కంటైనర్ డీవో ఈరోజుతో అయిపోతుంది. గేటు దగ్గర ఏమైనా ఆగిందా? ఏమైనా ఉంటే అయిదులోపు ఒక ఫోన్ కొట్టండి, లైన్ ఆఫీసు మూసేలోపు నేను మాట్లాడతాను."

ఇందులో "ప్లీజ్" లేదు, "సారీ" లేదు. పిలుపు ఒకటుంది. మొదటి వాక్యం గట్టి కారణం. "ఏమైనా ఆగిందా" అన్నది ఆయన చెప్పడానికి తెరిచిన తలుపు, ఎందుకంటే అడ్డంకి ఉండటం మామూలేనని అది ముందే ఒప్పుకుంటోంది. అయిదులోపు అన్న టైము కచ్చితంగా ఉంది. ఆఖరున "నేను మాట్లాడతాను" అన్నది అన్నిటికంటే ముఖ్యం: అడగడంతో వదిలేయకుండా బరువులో ఒక పక్క నేను పట్టుకుంటున్నానని చెబుతోంది. కరుకుదనం పోవడానికి తీపి మాటల కంటే ఈ ఒక్క ముక్క ఎక్కువ పనికొచ్చింది. పాతదానికంటే దీనికి అర నిమిషం ఎక్కువ పట్టింది. ఆ వారం మేం కట్టిన అద్దెతో పోలిస్తే అర నిమిషం ఎంత.

అలాగని ప్రతి మెసేజ్‌కీ ఇంత కసరత్తు అక్కర్లేదు. "లోడైందా?" "అయిందండి" అన్నవి ఎప్పుడూ ఎవర్నీ నొప్పించలేదు. మీరు ఏదైనా అడుగుతున్నప్పుడు, తప్పు చూపిస్తున్నప్పుడు, గుర్తుచేస్తున్నప్పుడు, ఈ మూడు చోట్ల మాత్రం ఆగి చూసుకోండి.

6. థాంక్స్ బదులు ఏం జరిగిందో చెప్పండి

మన ఇళ్లల్లో మంచినీళ్లు ఇస్తే థాంక్స్ చెప్పుకోం. చెబితే "ఏంటీ కొత్తగా" అంటారు. అందుకే చాట్‌లో థాంక్స్ మర్చిపోవడం మనకి సహజం, అది పొగరు కాదు. కానీ ఎదురుగా ఉన్నప్పుడు థాంక్స్ చెప్పకపోయినా తల ఊపుతాం, "హమ్మయ్య" అంటాం, గ్లాసు అందుకుంటాం. చాట్‌లో ఆ అందుకోవడమే కనపడదు. ఎండలో గంట నిలబడి గేట్ పాస్ ఫొటో పంపిన మనిషికి రెండు నీలం టిక్‌లు తప్ప ఏమీ దొరకదు.

కాబట్టి అందుకున్నట్టు రాయండి. "వచ్చిందండి, పార్టీకి పంపేశా." "హమ్మయ్య, ఈరోజుతో వదిలింది." ఇందులో థాంక్స్ అన్న మాట లేకపోయినా, ఆయన చేసిన పని ఎక్కడికి చేరిందో తెలుస్తుంది. ఉత్త "థాంక్స్" కంటే నాకు ఇదే నచ్చుతుంది. ఎవరైనా తన పని కాకపోయినా చేసినప్పుడు మాత్రం థాంక్స్ అని, దేనికో కూడా చెప్పండి: "నంబరు తేడా మీరు పట్టుకోకపోతే ఇరుక్కుపోయేవాళ్లం, థాంక్స్ అన్నయ్యా." ఇది గ్రూపులోనే పెట్టండి. తప్పులు విడిగా, మెచ్చుకోలు అందరిలో. "ధన్యవాదాలు" సభలకి వదిలేద్దాం.

7. ఒక్క మాట జవాబుల సంగతి

పెద్ద మెసేజ్‌కి "ఓకే" అని ఒక్క ముక్క వస్తే ఎవరికైనా టెన్షనే. చివర చుక్క పెడితే ఇంకొంచెం. ఇంగ్లీషులో ఒక్క మాట జవాబు చివర చుక్క ఉంటే చదివినవాళ్లకి అది మనస్ఫూర్తిగా అన్నట్టు అనిపించడం లేదని ఒక అమెరికన్ యూనివర్సిటీ పరిశోధనలో తేలింది. తెలుగులో నాకు కనపడేది ఏమిటంటే, "సరే" కంటే "సరేనండి" మెత్తన, "ఓకే" కంటే "ఓకే అన్నయ్యా" మెత్తన. రెండు మూడు అక్షరాల ఖర్చు.

బొటనవేలు గుర్తు సమాచారానికి బాగుంటుంది, ప్రశ్నకి బాగుండదు. "రేపు లారీ ఆరింటికా ఏడింటికా?" అని అడిగితే బొటనవేలు పెట్టే మహానుభావులు మా గ్రూపులో ఉన్నారు. అది కరుకుదనం కాదు గానీ, అవతలివాళ్లు మళ్లీ అడగాల్సి వస్తుంది, ఆ రెండో అడగడం కచ్చితంగా కరుగ్గా వస్తుంది.

8. పంపేశాక అయ్యో అనిపిస్తే

వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల దాకా మెసేజ్‌ని దిద్దొచ్చు. మెసేజ్‌ని నొక్కి పట్టుకుంటే దిద్దే వీలు కనపడుతుంది. అయితే అవతలివాళ్లు ఈలోగా చూసేసి ఉంటే దిద్దినా లాభం లేదు. తగిలింది తగిలినట్టే ఉంటుంది, పైన దిద్దినట్టు గుర్తు కూడా కనపడుతుంది. తీసేయడం ఇంకా నష్టం. మెసేజ్ పోయినా తీసేసిన ఆనవాలు మిగులుతుంది, అందులో ఏం తిట్టారో అని ఊహించుకోవడం మొదలవుతుంది. నా అనుభవంలో, ఆ మనిషి చూడకముందైతే దిద్దండి, చూశాక కింద ఇంకో లైను రాయండి: "తొందరలో అలా కొట్టేశా అన్నయ్యా, ఎక్కడ ఆగిందో తెలుసుకుందామనే." పెద్ద క్షమాపణ అక్కర్లేదు, పెడితే అదొక కొత్త తలనొప్పి.

ఎప్పుడూ మాట్లాడే మనిషి ఉన్నట్టుండి "ఓకే సార్" దగ్గర ఆగిపోయాడంటే మాత్రం ఇక టైప్ చేయకండి. ఫోన్ చేయండి. మెసేజ్ తగిలిందనడానికి కోపంగా వచ్చే జవాబు గుర్తు కాదు, అది చాలా అరుదు. మామూలుగా రెండు లైన్లు రాసే మనిషి ఒక్క మాటకి దిగిపోవడమే అసలు గుర్తు. ఆ శుక్రవారం నేను 4:07కి ఫోన్ చేసి ఉంటే లైన్ ఆఫీసు ఇంకా తెరిచే ఉండేది.

9. మర్యాదలన్నీ పక్కన పెట్టాల్సిన వేళ

క్రేన్ కింద తప్పు కంటైనర్ ఉందనుకోండి, "అన్నయ్యా, వీలైతే ఒకసారి" అని ఎవరూ రాయకూడదు. మా గ్రూపులో దీనికి ఒక ఒప్పందం ఉంది. "ఆపండి" అని ఒక్క మాట వస్తే అది కోపం కాదు, నిజంగా ఆపాలని. ఎవరైనా ఎవరికైనా పెట్టొచ్చు, చిన్నవాళ్లు పెద్దవాళ్లకి కూడా. పెట్టిన మనిషే వెంటనే ఫోన్ చేయాలి. ఆ మాటని ఇంక దేనికీ వాడకూడదన్నది కూడా ఒప్పందంలో భాగమే. లేకపోతే నాలుగు రోజుల్లో దానికి విలువ పోతుంది.

ఇంకోటి, ఈ లెక్కలన్నీ మీరు రాసేవాటికే. యార్డు నుంచి వచ్చే మెసేజ్‌లకి పట్టించకండి. ఒక చేత్తో కాగితాలు, ఇంకో చేతి బొటనవేలితో, చెమట పట్టిన స్క్రీన్ మీద కొట్టేవాళ్లు "సీల్ ఓకే" అనే రాస్తారు. మా పెద్దాయన ఇప్పటికీ అలాగే రాస్తారు. నేను మాత్రం "చూశానండి, మీరు నీడకి రండి" అని పెడతాను. దానికి ఆయన బొటనవేలు గుర్తు పెడతారు.